చుక్కల బొమ్మను చెడకుండా పెద్దది చేయడం ఎలా: పూర్ణాంక రెట్లు ఎక్కడ, నునుపు ఫిల్టరు ఎక్కడ

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ఒక ముఠా కూలీ మా చిన్న ఆటలో కథానాయకుడు. నేను గుంటూరులోనూ, నాతో కలిసి ఆటను కడుతున్న మిత్రుడు విజయవాడలోనూ ఉంటాం. కూలీ బొమ్మ అడ్డంగా 32 పిక్సెళ్లు, నిలువుగా 32 పిక్సెళ్లు మాత్రమే. తలకు చుట్టిన ఎర్ర తువాలు, భుజం మీద టిక్కీ, ముఖంలో రెండు చుక్కల కళ్లు, అన్నీ పన్నెండు రంగులతోనే గీశాను. ఈ బొమ్మను ఆటలో తెర నిండా చూపించవలసి వచ్చింది. ఆ తరువాత ఒక కళాశాల వేడుక కోసం నాలుగడుగుల ఫ్లెక్సీగా కూడా వేయించవలసి వచ్చింది. మొదటిసారి వేయించిన ఫ్లెక్సీలో కూలీ ముఖం తడి గుడ్డతో తుడిచినట్లు వచ్చింది. తప్పు ప్రింటు వేసినవారిది కాదు, నేను ఇచ్చిన ఫైలుదే. అలాంటి బొమ్మ మీ దగ్గర ఉంటే దాన్ని ఏ వరుసలో పెద్దది చేయాలో, ఏ మెట్టు దగ్గర ఏది చెడిపోతుందో, చెడిన సంగతిని ఎలా కనిపెట్టాలో ఈ ఒక్క బొమ్మనే పట్టుకుని చెబుతాను.

ఇక్కడ వాడిన ఆదేశాలు ఇమేజ్‌మ్యాజిక్ ఏడవ వెర్షనుకు చెందినవి. అది ఆదేశాలతో బొమ్మలను మార్చే ప్రోగ్రాము, ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. జింప్‌లో చేసుకునేవారు `Scale Image` పెట్టెలో `Interpolation` అన్నచోట `None` ఎంచుకుంటే పూర్ణాంక రెట్ల పని జరుగుతుంది.

మొదటి పని: బొమ్మను దాని అసలు కొలతకు తీసుకురండి

చాలామంది ఈ మెట్టును దాటేసి నేరుగా పెద్దది చేయడానికి పూనుకుంటారు. మీ చేతిలో ఉన్న ఫైలు నిజంగా అసలు కొలతలోనే ఉందా, లేక ఎవరో ఇదివరకే ఒకసారి పెద్దది చేసినదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇదివరకే పెంచిన బొమ్మను మళ్లీ పెంచితే మొదటిసారి దొర్లిన మసక కూడా బొమ్మలో భాగమైపోయి దానితోపాటే పెరుగుతుంది.

నా విషయంలో జరిగింది ఇదే. కంప్యూటరు మార్చినప్పుడు అసలు ఫైలు పోయింది. మిత్రుడి ఫోనులో మాత్రం నేను ఎప్పుడో పది రెట్లు చేసి వాట్సాప్‌లో ఫోటోగా పంపిన బొమ్మ మిగిలింది. దాని కొలత 320×320. పైకి బాగానే కనబడింది కాని, అది జేపీజీగా మారిపోయింది. దానిలో ఎన్ని రంగులున్నాయో ఇలా అడిగి చూడవచ్చు:

```
magick identify -format "%w %h %k\n" photo.jpg
```

మొదటి రెండు అంకెలు వెడల్పు, ఎత్తు. మూడవది బొమ్మలో ఉన్న వేర్వేరు రంగుల సంఖ్య. పన్నెండు రావలసిన చోట నాకు వేలల్లో వచ్చింది. జేపీజీ పద్ధతి రంగుల హద్దుల దగ్గర చిన్న చిన్న అలల వంటి మచ్చలను వదులుతుంది. కంటికి అవి ఒకే ఎరుపులా తోచినా, లెక్కకు వందల ఎరుపులవుతాయి. ఈ మూడవ అంకెను గుర్తుపెట్టుకోండి, ఇకముందు ప్రతి మెట్టులోనూ పనికివస్తుంది. (ఈ ఆదేశాన్ని విండోస్‌లో బ్యాచ్ ఫైలులో రాసుకుంటే ప్రతి `%` గుర్తునూ రెండుసార్లు రాయాలి.)

మచ్చలన్నీ హద్దుల దగ్గరే ఉంటాయి కాబట్టి ప్రతి పదేసి పిక్సెళ్ల గడి నట్టనడుమ నుంచి ఒక్క పిక్సెల్‌ను తీసుకుంటే దాదాపు శుభ్రమైన రంగే దొరుకుతుంది. ఇమేజ్‌మ్యాజిక్‌లో `-sample` అనే ఆదేశం సరిగ్గా ఆ పనే చేస్తుంది. అది చుట్టుపక్కల రంగులను కలపదు, ప్రతి గడి మధ్య నుంచి ఒక పిక్సెల్‌ను ఏరుకుంటుంది.

```
magick photo.jpg -sample 32x32! chinna.png
magick chinna.png +dither -remap rangulu.png kooli.png
```

రెండవ వరుస రంగులను సరిచేస్తుంది. `rangulu.png` అన్నది మీరు వాడిన రంగులను ఒక్కొక్క పిక్సెల్‌గా పక్కపక్కన పెట్టిన చిన్న బొమ్మ. ప్రతి పిక్సెల్‌నూ వాటిలో దగ్గరి రంగుకు మార్చమని దీని అర్థం. `+dither` రాయడం మరిచిపోతే మాత్రం రంగుల తేడాను సర్దడానికి అది మధ్యమధ్య వేరే రంగు చుక్కలను చల్లుతుంది. రంగుల పట్టిక దొరకకపోతే `-remap` బదులు `-colors 12` అని రాయవచ్చు గాని, అప్పుడు వచ్చేవి మీ అసలు రంగులు కావు, వాటికి చుట్టాలు మాత్రమే.

జేపీజీలో పారదర్శకత ఉండదు. అందుచేత బొమ్మ చుట్టూ తెలుపు నిండి ఉంటుంది. తెలుపంతటినీ ఒక్క ఆదేశంతో పారదర్శకం చేయాలని చూస్తే బొమ్మ లోపలి తెలుపు కూడా పోయి దానికి కన్నాలు పడతాయి. బయటి తెలుపును మాత్రం జింప్‌లో చేత్తో ఎంచుకుని తీసేయడమే మేలు.

తెరపట్టు, అంటే స్క్రీన్‌షాట్ నుంచి తీసిన బొమ్మలో గడి కొలత పదిలా తిన్నగా రాకపోవచ్చు. అప్పుడు ఒక్క గడిని కొలిచి లాభం లేదు. బొమ్మ ఎడమ అంచు నుంచి కుడి అంచు వరకు మొత్తం కొలిచి, దానిలో ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టండి. 32 గడులు కలిసి 137 పిక్సెళ్లు వస్తే గడి కొలత 4.28. బొమ్మను అంచులకు సరిగ్గా కత్తిరించి పైన చెప్పిన `-sample 32x32!` ఇస్తే చాలు. కత్తిరింపు ఒకటి రెండు పిక్సెళ్లు పక్కకు జరిగితే మధ్యకు బదులు హద్దు మీద రంగు దొరుకుతుంది. ఒక కన్ను మాయమైనా, తువాలు అంచు రెండు గడుల మందమైనా కారణం అదేనని తెలుసుకోండి.

రెండవ పని: పూర్ణాంక రెట్లు చేసి, తిప్పి చూసుకోండి

పూర్ణాంక స్కేలింగ్ అంటే ఒక పిక్సెల్‌ను అదే రంగు గల 2×2, 3×3, 4×4 గడిగా మార్చడం. కొత్త రంగు పుట్టదు, పాతది పోదు.

```
magick kooli.png -scale 400% kooli4x.png
magick identify -format "%w %h %k\n" kooli4x.png
```

కొలత 128×128 రావాలి, రంగుల సంఖ్య పెంచక ముందు ఎంత ఉందో అంతే ఉండాలి. ఇక్కడ అలవాటు కొద్దీ `-scale` బదులు `-resize` అని రాస్తే ఇమేజ్‌మ్యాజిక్ తనంతట తానే పక్కపక్క రంగులను కలిపే నునుపు ఫిల్టరు వాడేస్తుంది. రంగుల సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోవడమే దానికి ఆనవాలు.

పూర్ణాంక రెట్లకు ఉన్న గొప్ప సుగుణం దాన్ని వెనక్కు తిప్పగలగడం. పెద్దది చేసినదాన్ని మళ్లీ చిన్నది చేసి అసలుతో పోల్చి చూడండి:

```
magick kooli4x.png -sample 25% venakki.png
magick compare -metric AE kooli.png venakki.png null:
```

ఎన్ని పిక్సెళ్లు తేడాగా ఉన్నాయో ఈ పోలిక చెబుతుంది. సున్నా వస్తే దారిలో ఏదీ పోలేదు. సున్నా కాకపోతే మధ్యలో ఎక్కడో ఫిల్టరు దూరింది. ఇతరులకు పంపే ముందు ఈ పరీక్ష చేయడం నాకు ఇప్పుడు అలవాటైంది.

మూడవ పని: తెరకు ఎన్ని రెట్లు సరిపోతాయో లెక్క వేయండి

మా ఆట మొత్తం తెర 256×224 పిక్సెళ్లు. పాత వీడియో గేమ్ యంత్రం సూపర్ నింటెండోలోని చాలా ఆటలు వాడిన కొలత అదే. మిత్రుడి లాప్‌టాప్ తెర 1366×768. నిలువున 768ని 224తో భాగిస్తే 3.43 వస్తుంది. ఎక్కువమంది ఇక్కడే తెర నిండాలన్న ఆశతో 3.43 రెట్లు చేస్తారు.

అప్పుడు జరిగేది చూడండి. సగం పిక్సెల్‌ను తెర వెలిగించలేదు. కాబట్టి నునుపు ఫిల్టరు లేకుండా సాగదీస్తే, 224 వరుసల్లో 128 వరుసలు మూడేసి పిక్సెళ్ల మందంగాను, మిగిలిన 96 వరుసలు నాలుగేసి పిక్సెళ్ల మందంగాను తయారవుతాయి. మా ఆటలో యార్డు గోడ ఇటుకల మధ్య సిమెంటు గీత ఒక్క పిక్సెలే ఉంటుంది. సాగదీసిన తెరపై ఒక గీత సన్నగా, మరో గీత లావుగా కనిపించింది. బొమ్మ నిశ్చలంగా ఉన్నంతసేపు దాన్ని సరిపెట్టుకోవచ్చు. కూలీ నడుస్తూ గోడ జరగడం మొదలవగానే అసలు చిక్కు బయటపడుతుంది. అడ్డంగానూ ఇలాగే సాగుతుంది కాబట్టి లావు నిలువు వరుసలు తెర మీద కదలకుండా ఒకే చోట ఉంటాయి, గోడ వాటి కిందుగా జారిపోతుంది. అంటే ఒకే సిమెంటు గీత క్షణానికోసారి లావవుతూ సన్నబడుతూ ఉంటుంది. గోడంతా నీటిలో ప్రతిబింబంలా జలజల వణుకుతుంది. తెరపట్టులో ఇది దొరకదు, కదిలే ఆటలోనే కనిపిస్తుంది. అందుచేత స్కేలింగును ఎప్పుడూ నడుస్తున్న దృశ్యంతోనే పరీక్షించండి.

అందుకే కింది పూర్ణాంకానికి దిగండి. మూడు రెట్లు చేస్తే 768×672 అవుతుంది. పైన 48, కింద 48 వరుసలు నల్లగా మిగులుతాయి. పక్కల నలుపు ఇంకా ఎక్కువ. ఆ నలుపు మొదట వెలితిగా అనిపిస్తుంది, కాసేపటికి కన్ను పట్టించుకోవడం మానేస్తుంది. వణుకుతున్న గోడను మాత్రం కన్ను ఎన్నటికీ మరిచిపోదు.

1920×1080 తెర అయితే మీకు మరో దారి ఉంది. నాలుగు రెట్లకు 896 వరుసలు వస్తాయి, పైనా కిందా 92 చొప్పున మిగిలిపోతాయి. అదే ఐదు రెట్లకు 1120 వరుసలు అవుతాయి, తెర కన్నా 40 ఎక్కువ. ఆ 40 వరుసలు ఆటలోని ఎనిమిది వరుసలకు సమానం. పై అంచున నాలుగు, కింది అంచున నాలుగు ఆట వరుసలు కోసుకుపోతాయన్నమాట. అక్కడ అంకెలు గాని, అక్షరాలు గాని లేకపోతే నేను నిస్సంకోచంగా ఐదు రెట్లే వాడతాను. పాత డబ్బా టీవీలు కూడా అంచులను ఇలాగే మింగేవి కాబట్టి, ఆ కాలపు ఆటల్లో అంచున ముఖ్యమైనదేదీ పెట్టేవారు కాదు.

పాత ఆటలను కంప్యూటరులో ఆడించే రెట్రోఆర్చ్ వాడేవారు `Settings > Video > Scaling` లో `Integer Scale` ను ఆన్ చేసి పెట్టుకోవాలి. `Bilinear Filtering` అనే మీట వేరే ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయాలి. మొదటిది కొలతను నిర్ణయిస్తుంది, రెండవది రంగుల కలయికను నిర్ణయిస్తుంది. రెండూ ఒకటే అనుకుని ఒక్కటే మార్చి, తేడా రాలేదని వదిలేసేవారిని చూశాను. బ్రౌజరులో చూపించే బొమ్మకు సీఎస్ఎస్‌లో ఈ ఒక్క వాక్యం చాలు:

```
image-rendering: pixelated;
```

ఇక్కడ ఒక మాయ ఉంది. చాలా లాప్‌టాప్‌లలో విండోస్ తెర కొలతను 125 శాతంగా పెట్టి ఉంచుతుంది. మీరు పేజీలో మూడు రెట్లు అని రాస్తే, తెర మీద నిజంగా పడేది 3.75 రెట్లు. మళ్లీ సన్న గీత, లావు గీత మొదలు. అదే నాలుగు రెట్లు అని రాస్తే 125 శాతంతో సరిగ్గా ఐదు అవుతుంది, గోడ నిక్కచ్చిగా నిలబడుతుంది. మీ ఫైలులో తప్పు లేకపోయినా మిత్రుడి తెర మీద వంకరగా ఉందంటే, ముందు అడగవలసింది ఈ శాతం గురించే.

నలుచదరం కాని పిక్సెళ్ల సంగతి కూడా ఒకటుంది. సూపర్ నింటెండో బొమ్మ టీవీ మీద పడినప్పుడు ఒక్కొక్క పిక్సెల్ ఎత్తు కంటే వెడల్పు కాస్త ఎక్కువగా, 8:7 నిష్పత్తిలో ఉండేది. అప్పటి ఆటలోని గుండ్రటి బంతి ఇప్పటి తెర మీద నిలువు కోడిగుడ్డులా కనిపించడానికి కారణం ఇదే. 4కే తెరపై అడ్డంగా ఎనిమిది రెట్లు, నిలువుగా ఏడు రెట్లు చేస్తే 2048×1568 వచ్చి, పూర్ణాంకాలతోనే నిష్పత్తి కుదురుతుంది. 1080 వరుసల తెరపై అలా కుదరదు. అక్కడ ముందు పూర్ణాంక రెట్లతో బాగా పెద్దది చేసి, ఆ తరువాత కావలసిన కొలతకు తగ్గించాలి:

```
magick tera.png -scale 800% -filter box -resize 1170x896! tera_tv.png
```

ఇలా చేస్తే నిలువున గడులన్నీ ఖచ్చితంగా నాలుగేసి పిక్సెళ్లే ఉంటాయి. అడ్డంగా మాత్రం రెండు గడుల మధ్య ఒక్క సన్నని నిలువు పట్టీలో రంగులు కలుస్తాయి. గడి లోపలి భాగం స్వచ్ఛంగానే ఉంటుంది. ఆటల ఎమ్యులేటర్లలో షార్ప్ బైలీనియర్ అనే షేడరు చేసేదీ ఈ కోవ పనే. మీరు కొత్తగా గీసిన బొమ్మలను నలుచదరపు పిక్సెళ్లను దృష్టిలో పెట్టుకునే గీసి ఉంటే, వాటికి ఈ సవరణ అక్కరలేదు.

నాలుగవ పని: నునుపు ఫిల్టరు ఏం చేస్తుందో ఒక కన్ను మీద చూడండి

నునుపు ఫిల్టర్లన్నీ ఒక జాతివి కావు. బైలీనియర్ వంటివి పక్కపక్క రంగులను కలిపి మధ్య రంగులను పుట్టిస్తాయి. పెద్ద ఫోటోలకు అది మంచిదే గాని, 32 పిక్సెళ్ల బొమ్మను కళ్లద్దాలు లేకుండా చూసినట్లు చేస్తుంది. రెండవ జాతి ఫిల్టర్లు గీతల వాలును ఊహించి మెట్ల అంచులను చెక్కుతాయి. స్కేల్2ఎక్స్, హెచ్‌క్యూఎక్స్, ఎక్స్‌బీఆర్ ఈ రెండవ జాతికి చెందినవి. వీటిలో స్కేల్2ఎక్స్‌ను 2001లో ఆండ్రియా మజ్జోలేని రాశాడు. దాదాపు అదే నియమాన్ని అంతకు ముందే, 1990ల తొలినాళ్లలో, లూకాస్‌ఆర్ట్స్‌లో ఎరిక్ జాన్‌స్టన్ వాడాడు. నియమం ఎంత చిన్నదంటే కాగితం మీద చేతితో చేసి చూడవచ్చు. దాన్ని అర్థం చేసుకుంటే మిగతావి ఎక్కడ తడబడతాయో చాలావరకు ఊహించగలుగుతారు.

ఒక పిక్సెల్‌ను E అందాం. దాని పైనున్నది B, ఎడమ D, కుడి F, కింద H. E ని నాలుగు ముక్కలు చేసి ఎడమ పై ముక్కను E0, కుడి పై ముక్కను E1, ఎడమ కింది ముక్కను E2, కుడి కింది ముక్కను E3 అని పిలుద్దాం.

```
if B != H and D != F:
    E0 = D if D == B else E
    E1 = F if B == F else E
    E2 = D if D == H else E
    E3 = F if H == F else E
else:
    E0 = E1 = E2 = E3 = E
```

మాటల్లో చెబితే, ఒక మూలను ఆనుకున్న ఇద్దరు పొరుగువారు ఒకే రంగులో ఉంటే ఆ మూల ముక్క వారి రంగులోకి పోతుంది. కాని పైనా కిందా ఒకే రంగైనా, ఎడమా కుడీ ఒకే రంగైనా ఆ పిక్సెల్ జోలికి పోదు.

ఇప్పుడు కూలీ కళ్లకు వద్దాం. నిలబడి ఉన్న బొమ్మలో కన్ను ఒక్క నల్ల పిక్సెల్. దాని చుట్టూ నాలుగు వైపులా చర్మం రంగే. పైనా కిందా ఒకటే కాబట్టి నియమం దాన్ని ముట్టుకోదు. రెండు రెట్లు చేసినా కన్ను 2×2 నలుచదరంగానే మిగులుతుంది. టిక్కీ బరువుకు కళ్లు పెద్దవి చేసే మరో బొమ్మలో కన్ను 2×2 పిక్సెళ్లు. దాని ఎడమ పై పిక్సెల్‌ను తీసుకోండి. పైన చర్మం, ఎడమ చర్మం, కుడి నలుపు, కింద నలుపు. మూల ముక్క చర్మంలోకి పోతుంది. నాలుగు మూలలకూ అదే జరిగి, 4×4 కన్ను మూలలు చెక్కిన గుండ్రని కన్నుగా మారుతుంది. మళ్లీ ఒకసారి ఫిల్టరు వేస్తే చొక్కా గుండీలా పూర్తిగా గుండ్రబడుతుంది. అంటే ఒకే మనిషికి ఒక బొమ్మలో చదరపు కన్ను, పక్క బొమ్మలో గుండ్రటి కన్ను. నడక ఆడించినప్పుడు కన్ను ఆకారం మార్చుకుంటూ మిణుకుమిణుకుమంటుంది. ఫిల్టరుకు కన్ను ఏదో, గోడ మూల ఏదో తెలియదు. నిజంగా పదునుగా ఉండవలసిన టిక్కీ మూలనూ అది అలాగే చెక్కేస్తుంది.

తెలుగు అక్షరాల దగ్గర ఇది మరీ సున్నితం. ప, వ అక్షరాలకు తేడా తలకట్టు ఒంటిని తాకిందా లేదా అన్నదే. చిన్న చుక్కల అక్షరంలో ఆ తేడా ఒక్క పిక్సెల్ ఖాళీ. బైలీనియర్ ఆ ఖాళీని రెండు వైపుల నుంచీ మసకబరిచి సన్నం చేస్తుంది, దూరం నుంచి చూసేవారికి పాలు కాస్తా వాలు అవుతుంది. తలకట్టుకూ ఒంటికీ మధ్య నిలువున పూర్తి పిక్సెల్ ఖాళీ ఉంటే స్కేల్2ఎక్స్ దాన్ని కాపాడుతుంది, ఎందుకంటే ఖాళీకి పైనా కిందా ఒకే సిరా. తలకట్టు చివర ఒంటికి మూలకు మూల తగిలేటట్లు గీసి ఉంటే మాత్రం ఆ మూలను పూడ్చి రెండింటినీ అతికేస్తుంది. అందుచేత ఆటలోని అక్షరాలను ఏ నునుపు ఫిల్టరు గుండా పంపకండి. వాటిని విడిగా పూర్ణాంక రెట్లతోనే పెంచండి.

ఫిల్టరు వేయాలనే అనుకుంటే రెండు జాగ్రత్తలు తప్పవు. మొదటిది పారదర్శక పిక్సెళ్ల సంగతి. కంటికి కనిపించకపోయినా వాటి లోపల ఏదో ఒక రంగు దాగి ఉంటుంది. రబ్బరుతో తుడిపిన చోట ఒక రంగు, మొదటి నుంచీ ఖాళీగా ఉన్న చోట మరో రంగు ఉండవచ్చు. పై నియమం రంగులు సమానమా కాదా అన్నదొక్కటే చూస్తుంది కాబట్టి, బొమ్మ అంచు ఒక వైపు నునుపుగా, మరో వైపు మెట్లుగా వస్తే దాగిన ఈ రంగులనే అనుమానించండి. ఫిల్టరుకు ముందు వాటన్నిటినీ ఒకటి చేయాలి:

```
magick kooli.png -background none -alpha background subhram.png
```

రెండవది నడక బొమ్మలన్నీ ఒకే కాగితం మీద అంటించినట్లు ఉండే స్ప్రైట్ షీటు. దాన్ని మొత్తంగా ఫిల్టరు చేస్తే ఒక బొమ్మ కుడి అంచు పక్క బొమ్మ ఎడమ అంచును పొరుగుగా లెక్కవేసుకుంటుంది. ఆటలో కూలీ పక్కన గాలిలో సన్నని ఎర్ర గీత తేలుతుంది. అది పక్క బొమ్మలోని తువాలు. ప్రతి బొమ్మనూ విడగొట్టి, చుట్టూ రెండు పిక్సెళ్ల పారదర్శక అంచు వేసి, ఒక్కొక్కటిగా ఫిల్టరు చేసి మళ్లీ కూర్చండి.

ఇంతకీ నేను ఎక్కడ వాడతానంటే, కదలని పెద్ద బొమ్మకు, వంపులు ఎక్కువగా ఉన్న ముఖచిత్రానికి, అదీ ఒక్కసారి మాత్రమే. రెండు రెట్లకు స్కేల్2ఎక్స్, ఆ పైన పూర్ణాంక రెట్లు. ఆటలో కదిలే వాటికి వాడను. కూలీని మాత్రం నునుపు చేసి, గోడను పూర్ణాంక రెట్లతోనే వదిలేస్తే, ఒకే తెరపై కూలీ అంచు పిక్సెళ్లు చిన్నవిగాను, గోడ పిక్సెళ్లు పెద్దవిగాను ఉండి, కూలీ ఆ గోడ ముందు నిలబడినట్లు కాక, వేరే ఆట నుంచి కత్తిరించి అంటించినట్లు కనిపిస్తాడు. చేస్తే తెర మొత్తాన్ని చేయాలి, లేదంటే దేన్నీ చేయకూడదు.

చివరి పని: ఫ్లెక్సీకి ఫైలు ఇవ్వడం

నాలుగడుగులంటే 48 అంగుళాలు. 32 పిక్సెళ్లను 48 అంగుళాల మీద పరిస్తే ఒక్కొక్క పిక్సెల్ సరిగ్గా అంగుళంన్నర. ఇంత పెద్ద గడులు కనబడటమే ఇక్కడ అందం కాబట్టి ఫిల్టరు ఊసే వద్దనుకున్నాను. మొదటిసారి నేను చేసిన తప్పు 320×320 బొమ్మను ఇచ్చి, నాలుగడుగులకు వేయమనడం. దుకాణంలోని సాఫ్ట్‌వేరు దాన్ని తన నునుపు ఫిల్టరుతో సాగదీసింది. పెంచే పనిని ఎదుటివారి యంత్రానికి వదిలితే అది తనకు తెలిసిన పద్ధతిలోనే పెంచుతుంది. కాబట్టి పూర్తి కొలతకు మీరే పెంచి ఇవ్వండి.

అంగుళానికి 72 చుక్కల లెక్కన 48 అంగుళాలకు 3456 పిక్సెళ్లు కావాలి, అంటే 108 రెట్లు. కాని నేను 112 రెట్లు ఎంచుకున్నాను:

```
magick kooli.png -background white -flatten -scale 11200% flexi.png
```

దీనికి కారణముంది. దుకాణాల్లో తరచుగా జేపీజీ ఫైలే అడుగుతారు. జేపీజీ బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా కోసి, రంగు వివరాన్ని సాధారణంగా 16×16 గడులకు కలిపి దాచుకుంటుంది. 112ను పదహారు నిశ్శేషంగా భాగిస్తుంది. కాబట్టి కూలీలోని ప్రతి గడి లోపల జేపీజీ గడులు సరిగ్గా ఇమిడిపోతాయి, ఏ జేపీజీ గడిలోనూ రెండు రంగులు పడవు. అలల మచ్చలు పుట్టడానికి చోటే ఉండదు. 108 రెట్లు చేసి ఉంటే చాలా హద్దులు జేపీజీ గడుల మధ్యలో పడి, అంచుల వెంట మురికి చేరేది. 3584×3584 అన్నది పెద్ద కొలతే అయినా, పీఎన్‌జీగా ఉన్నప్పుడు రంగులు పన్నెండే కాబట్టి ఫైలు చాలా చిన్నదిగా ఉంటుంది.

ఫైలును పెన్‌డ్రైవులో తీసుకువెళ్లండి. వాట్సాప్‌లోనే పంపవలసి వస్తే ఫోటోగా కాక, డాక్యుమెంటుగా పంపండి. దుకాణంలో కొలతను అంకెలతో వేయించండి, మౌసుతో మూల పట్టుకుని లాగనివ్వకండి. ప్రింటు మొదలయ్యే ముందు తెర మీద తువాలు అంచును బాగా దగ్గరగా చూపించమని అడగండి, ఎరుపుకూ తెలుపుకూ మధ్య గులాబీ రంగు పట్టీ కనిపిస్తే ఎక్కడో నునుపు ఫిల్టరు ఆన్‌లో ఉన్నట్లే. ప్రింటు బయటికి వచ్చాక టేపు పెట్టి కంటి గడి ఒకటి, పాదం గడి ఒకటి అడ్డంగానూ నిలువుగానూ కొలవండి. నాలుగు కొలతలూ అంగుళంన్నర రావాలి. మా రెండవ ఫ్లెక్సీలో వచ్చాయి.